మంచి కస్టమర్‌ను పోలిన మనిషి

విజయవాడలో ఒక బొటిక్ ఉందనుకుందాం. మంగళగిరి నేత చీరలు, డ్రెస్ మెటీరియల్స్, మగ్గం వర్క్ బ్లౌజులు అమ్ముతుంది. ఆరేళ్ల బిల్లులు తిరగేసి, అందరికంటే ఎక్కువ కొన్నదెవరా అని చూస్తే ఒకావిడ పేరు అన్నిటికంటే పైన వచ్చింది. కూతురి పెళ్లికని ఒక్క రోజులోనే లక్షా నలభై వేల రూపాయల చీరలు, బ్లౌజులు తీసుకున్నారు. ఆ తర్వాత మళ్లీ ఆ షాపు గుమ్మం తొక్కలేదు. జాబితాలో కిందికి వస్తే నలభై మూడో వరసలో ఒక బ్యాంకు ఉద్యోగిని కనిపించారు. రెండు నెలలకోసారి వస్తారు. ఒక కాటన్ చీరో, రెండు టాప్ పీసులో తీసుకుంటారు. పెద్దగా బేరమాడరు. మూడేళ్లలో ఆవిడ కొన్నది మొత్తం అరవై రెండు వేలు.

వీళ్లిద్దరిలో మంచి కస్టమర్ ఎవరు? గల్లా పెట్టె లెక్కలో మొదటావిడే. కానీ ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌లలో ప్రకటన ఇవ్వబోతూ "మా మంచి కస్టమర్లలాంటి వాళ్లను వెతికిపెట్టు" అని అడిగేటప్పుడు ఈ ప్రశ్నకు తప్పు జవాబు ఇస్తే నెలల తరబడి డబ్బు ఊరికే పోతుంది. (ఈ బొటిక్‌ను, దాని అంకెలను లెక్క తేలిగ్గా అర్థం కావడానికి నేను కల్పించుకున్నాను. పద్ధతి, అందులోని చిక్కులు మాత్రం నిజమైనవే.)

మనిషిని పోలిన మనుషులు ఏడుగురుంటారని మనవాళ్లు అంటుంటారు. ఫేస్‌బుక్ 2013లో తెచ్చిన లుక్‌అలైక్ ఆడియన్స్ లెక్కలో ఆ ఏడుగురు లక్షలవుతారు. పద్ధతి ఇదీ. షాపు తన కస్టమర్ల ఫోన్ నంబర్లనో ఈమెయిళ్లనో ఒక ఫైలుగా యాడ్స్ మేనేజర్‌లోకి ఎక్కిస్తుంది. ఒక్కో నంబరు SHA-256 అనే పద్ధతిలో చదవడానికి వీల్లేని కోడుగా మారుతుంది. ఆ కోడును మెటా తన ఖాతాదారుల నంబర్ల కోడులతో పోల్చి చూస్తుంది. కలిసినవాళ్లంతా ఒక గుంపు. దీన్ని సోర్స్ అంటారు, కొందరు సీడ్ అని కూడా అంటారు. ఆ గుంపులో ఉమ్మడిగా కనిపించే లక్షణాలను బట్టి దేశంలోని మిగతా ఖాతాదారులను మెటా వరసపెడుతుంది. ఎక్కువ పోలిక ఉన్నవాళ్లు ముందు, తక్కువ ఉన్నవాళ్లు వెనక. ఆ వరసలో మొదటి ఒక శాతం కావాలా, మూడు శాతం కావాలా, పది శాతం దాకా వెళ్లాలా అన్నది మన ఇష్టం. మన దేశంలో ఒక శాతం అన్నా లక్షల మందే.

సోర్స్‌లో ఒకే దేశానికి చెందినవాళ్లు కనీసం 100 మంది కలవాలి. 1,000 నుంచి 5,000 దాకా ఉంటే మంచిదని మెటా సూచన. పోలికలు తీసేటప్పుడు వయసు, ప్రాంతం, ఆసక్తులు, యాప్‌లో ప్రవర్తన వంటివి చూస్తుంది తప్ప, ఫలానా మనిషిని ఫలానా కారణంతో ఎంచానని మనకు చెప్పదు. ఇక్కడే ఒక సంగతి మనసులో పెట్టుకోవాలి. మనం ఇచ్చిన జాబితాలో అందరికీ ఉమ్మడిగా ఏముందో అదే యంత్రానికి దొరుకుతుంది. వాళ్లు మన దగ్గర ఎందుకు కొన్నారన్నది దానికి తెలియదు. ఉమ్మడి లక్షణం, కొన్న కారణం ఒకటే అయినప్పుడు ఈ పద్ధతి బాగా పనిచేస్తుంది. వేరైనప్పుడు విఫలమవుతుంది.

మన బొటిక్‌కు తిరిగొద్దాం. ప్రకటనలు చూసే కుర్రాడు ఓనరుకు ఫోన్ చేశాడు. "అక్కా, టాప్ రెండొందల మంది నంబర్లు ఎక్సెల్‌లో పెట్టి పంపండి. వాళ్లలాంటి వాళ్లను ఫేస్‌బుక్కే వెతికిపెడుతుంది." ఆవిడ బిల్లు మొత్తాన్ని బట్టి మొదటి రెండు వందల మందిని తీసి పంపారు. ఒక శాతం లుక్‌అలైక్ తయారైంది. విజయవాడ, గుంటూరు, చుట్టుపక్కల ఊళ్లకు పరిమితం చేసి రోజుకు ఐదు వందల చొప్పున పదిహేను రోజులు ప్రకటన నడిపారు. ఏడున్నర వేలు ఖర్చయ్యాయి. వాట్సాప్‌కు 140 మెసేజీలు వచ్చాయి. అందులో అమ్ముడైనవి నాలుగు.

"ఫేస్‌బుక్ యాడ్స్ మనకు పనికిరావు" అని చాలామంది ఓనర్లు ఇక్కడే ఆగిపోతారు. ఆగేముందు ఒక పని చేయాలి. ఆ 140 మెసేజీలను కూర్చుని చదవాలి. యంత్రం ఎవరిని వెతికి తెచ్చిందో మనకు కనిపించే చోటు అదొక్కటే. మన బొటిక్‌కు వచ్చిన వాటిలో మూడో వంతు "హోల్‌సేల్ రేటు ఎంతండీ?", "రీసెల్లర్స్ గ్రూపు ఉందా?" అనే ప్రశ్నలు. ఇంకో పాతిక మంది పెళ్లి పట్టుచీరల గురించి అడిగారు. ప్రకటనలో ఉన్నదేమో మంగళగిరి కాటన్ చీర. చీర ఫొటో, ధర చూపించిన తీరు కూడా ఇలాంటి ప్రశ్నలను తెచ్చిపెట్టవచ్చు కాబట్టి ఇదొక్కటే రుజువు కాదు. అయినా జాబితాను మళ్లీ ఒకసారి చూడమని చెప్పడానికి ఈ మాత్రం చాలు.

చూస్తే సంగతి బయటపడింది. రెండు వందల మందిలో 70 మంది పెళ్లికో, ఓణీల ఫంక్షన్‌కో ఒక్కసారి పెద్ద బిల్లు చేసి వెళ్లినవాళ్లు. 26 మంది ఇంటి దగ్గర చీరలు అమ్ముకునేవాళ్లు, షాపు నుంచి పది పదిహేను చీరలు ఒకేసారి పట్టుకెళ్లేవాళ్లు. ఇంకో 18 మంది ఓనరుకు చుట్టాలో, అదే అపార్టుమెంటువాళ్లో. ఆవిడ మీది అభిమానంతో కొన్నవాళ్లు. అసలైన కస్టమర్లు సగం కంటే తక్కువ. మొత్తం బిల్లును బట్టి వరస పెడితే ఏ బొటిక్‌లోనైనా దాదాపు ఇలాగే తేలుతుంది. ఒకే రకం మనుషులు ఒకచోట చేరలేదు. నాలుగు రకాలవాళ్లు కలగలిసి పోయారు. ఆ నలుగురికీ ఉమ్మడిగా ఉన్నది విజయవాడ, నడివయసు. యంత్రం పట్టుకున్నదీ బహుశా దాన్నే.

పెళ్లి కస్టమర్ల విషయం కాస్త విడిగా చెప్పాలి. కూతురి పెళ్లికి చీరలు కొన్న యాభై ఏళ్ల ఆవిడకు పోలికలు తీస్తే యాభై ఏళ్ల ఆడవాళ్లే దొరుకుతారు. వాళ్ల అభిరుచి, స్తోమత కూడా కలవచ్చు. కానీ వాళ్లింట్లో ఈ ఏడు పెళ్లి ఉండాలి కదా. ఆవిడ చేత కొనిపించింది ముహూర్తం. ముహూర్తానికి పోలికలుండవు. శ్రావణమాసం జాబితాదీ ఇదే కథ. వరలక్ష్మీ వ్రతం ముందు రెండు వారాల్లో కొన్నవాళ్లను సోర్స్‌గా పెట్టి, కార్తీకంలో ప్రకటన నడిపితే మనుషులు సరైనవాళ్లే దొరకవచ్చు, సమయం మాత్రం తప్పుతుంది. కొనే కారణం మనిషి అలవాటులో ఉంటేనే ఆ మనిషి పోలికలు పనికొస్తాయి. క్యాలెండరులో ఉంటే, ప్రకటన పడే తేదీని సరిచూసుకోవడం మీద పెట్టిన శ్రద్ధే ఎక్కువ ఫలితమిస్తుంది.

ఇంకో చిక్కు చాలా మామూలుది, కానీ దాన్ని పట్టించుకునేవాళ్లు తక్కువ. బిల్లు కౌంటర్ దగ్గర "నంబర్ చెప్పండమ్మా" అంటే చాలామంది ఆడవాళ్లు భర్త నంబరో, కొడుకు నంబరో చెప్తారు. ఆ నంబరుతో మెటాలో కలిసేది ఆ భర్త ఖాతా. అంటే చీరల షాపు సోర్స్‌లోకి క్రికెట్ వీడియోలు చూసే మగవాళ్లు వచ్చి చేరతారు. తర్వాత ప్రకటనను ఆడవాళ్లకు మాత్రమే అని పరిమితం చేస్తే, ఆ మగవాళ్లను పోలిన ఆడవాళ్లను వెతుకుతున్నట్టే అవుతుంది. అది అర్థంలేని పని. ఇది మన జాబితాలో ఉందో లేదో తెలుసుకోవాలంటే ఒక చిన్న పరీక్ష చాలు. స్త్రీపురుషుల పరిమితి పెట్టకుండా ఆ లుక్‌అలైక్‌కు రెండు రోజులు కొద్ది డబ్బుతో ప్రకటన నడిపి, ఎవరికెన్నిసార్లు కనిపించిందో విడదీసి చూడాలి. మగవాళ్లే ఎక్కువగా కనిపిస్తే నంబర్లను అనుమానించాలి.

ఇక ఎక్సెల్. పది అంకెల నంబరుకు ముందు 91 చేరిస్తే పన్నెండు అంకెలవుతుంది. ఎక్సెల్ దాన్ని పెద్ద సంఖ్య అనుకుని 9.19E+11 అని చూపిస్తుంది. అలాగే సీఎస్‌వీ ఫైలుగా దాచేస్తే ఆ అంకెలు పోయినట్టే, ఒక్కటీ కలవదు. నంబర్ల నిలువు వరసను ముందే టెక్స్ట్‌గా మార్చుకోవాలి. ఫైలు ఇలా ఉంటే సరిపోతుంది:

```
phone,fn,ct,country,value
919XXXXXXXXX,lakshmi,vijayawada,in,14200
919XXXXXXXXX,sunitha,guntur,in,6100
```

నంబరుతో పాటు పేరు, ఊరు కూడా ఇస్తే కలిసే అవకాశం పెరుగుతుంది. ఈమెయిల్ ఉంటే ఇంకా మంచిది. ఎందుకంటే ఇన్‌స్టాగ్రామ్ ఖాతాను ఈమెయిల్‌తో తెరిచినవాళ్లూ ఉంటారు. చివరున్న value అన్న మాటను గుర్తుపెట్టుకోండి, దాని సంగతి ఇంకాసేపట్లో చెబుతాను.

రెండోసారి మన ఓనరు జాబితాను వేరేగా కట్టారు. బిల్లు మొత్తాన్ని పక్కన పెట్టి, గత ఏడాదిన్నరలో కనీసం మూడుసార్లు, అదీ రెండు వేర్వేరు సీజన్లలో కొన్నవాళ్లను తీశారు. వ్రతానికి ఒకసారి, మామూలు రోజుల్లో ఒకసారి కొన్న మనిషిని ఈ వడపోత నిలుపుకుంటుంది. పండగ కోసమే వచ్చే మనిషిని వదిలేస్తుంది. సేల్‌లో మాత్రమే కొన్నవాళ్లను, క్యాష్ ఆన్ డెలివరీ పెట్టించుకుని పార్సిల్ వెనక్కి పంపినవాళ్లను తీసేశారు. చుట్టాలను, అమ్ముకునేవాళ్లను చేత్తో గీత గీసి కొట్టేశారు. మిగిలింది 260 మంది. వాళ్ల నంబర్లు ఎక్కిస్తే కలిసింది 170 మంది.

ఇక్కడ ఓనరు నిజమైన సందిగ్ధంలో పడ్డారు. 170 అంటే కనీస పరిమితి దాటినట్టే, కానీ సూచించిన వెయ్యికి చాలా దూరం. జాబితా చిన్నదైతే నలుగురైదుగురు తప్పు మనుషులే దాన్ని పక్కకు లాగేయగలరు. "రెండుసార్లు కొన్నా చాలు" అని వడపోతను సడలిస్తే 600 దాటుతారు, కానీ అభిరుచితో వచ్చినవాళ్లలో అవసరానికి వచ్చినవాళ్లు కలుస్తారు. సంఖ్య పెంచితే స్వచ్ఛత తగ్గుతుంది, స్వచ్ఛత పెంచితే సంఖ్య పడిపోతుంది. చిన్న షాపులకు ఈ పేచీ ఎప్పుడూ ఉండేదే.

దీనికి నాకు సమంజసంగా తోచిన దారి ఆ value నిలువు వరస. రీసెల్లర్లు, చుట్టాలు, పార్సిల్ వెనక్కి పంపినవాళ్లు పోగా మిగిలిన కస్టమర్లందరినీ, మన లెక్కలో 1,400 మందిని, ఫైలులో ఉంచి ఒక్కొక్కరికీ ఒక విలువ రాయవచ్చు. ఎక్కువ విలువ ఉన్నవాళ్ల పోలికలకు మెటా ఎక్కువ బరువిస్తుంది. అయితే ఆ విలువగా బిల్లు మొత్తాన్ని రాస్తే మొదటి తప్పే మళ్లీ చేసినట్టు. లక్షా నలభై వేల పెళ్లి బిల్లు ఒక్కటే పదిమంది కాటన్ చీరల కస్టమర్లను మింగేస్తుంది. అందుకని మన ఓనరు ఇలా చేశారు. ఒక్కో బిల్లులో ఎనిమిది వేలకు మించినదాన్ని ఎనిమిది వేలుగానే లెక్కించారు. వెనక్కి వచ్చిన సరుకు విలువ తీసేశారు. ఏడాదిన్నర కంటే పాత బిల్లులను వదిలేశారు. అప్పుడు పెళ్లి ఆవిడ విలువ ఎనిమిది వేలకు దిగింది. బ్యాంకు ఉద్యోగిని విలువ ముప్పై ఒక్క వేలకు చేరింది. ఎనిమిది వేలే ఎందుకంటే, ఆ షాపులో పెళ్లి సంబంధం లేని బిల్లుల్లో అంతకు మించినవి అరుదు. ప్రతి షాపూ తన బిల్లులు చూసి తన అంకె పెట్టుకోవాలి.

ఇంత చేశాక కూడా "ఇది పనిచేసింది" అని ఎలా తెలుస్తుంది? యాడ్స్ మేనేజర్ చూపించే లాభం అంకెను నేను పెద్దగా నమ్మను. ఎలాగూ కొనబోయే పాత కస్టమరుకు ప్రకటన కనిపించినా ఆ అమ్మకం ప్రకటన ఖాతాలోకే వెళ్లవచ్చు. అందుకే పాత కస్టమర్లందరి జాబితాను ప్రకటనలో మినహాయించాలి. సరైన పోలిక ఏమిటంటే, అవే ఊళ్లలో పాతిక నుంచి యాభై ఐదేళ్ల ఆడవాళ్లందరికీ, ఏ లుక్‌అలైక్ లేకుండా, అదే ఫొటోతో, అదే డబ్బుతో, అవే రోజుల్లో ఇంకో ప్రకటన నడపడం. ఒకే మనిషి రెండు వైపులా పడకుండా యాడ్స్ మేనేజర్‌లోని ఏ/బీ టెస్ట్ చూసుకుంటుంది. ఫలితాన్ని మెసేజీలతో కాకుండా బిల్లు బుక్కులో కొత్తగా చేరిన నంబర్లతో లెక్కపెట్టాలి.

మన బొటిక్ నాలుగు వారాలు ఇలా నడిపింది. రెండు వైపులా పద్నాలుగేసి వేలు. లుక్‌అలైక్ వైపు నుంచి 31 మంది కొత్తవాళ్లు కొన్నారు, అందరికీ చూపించిన వైపు నుంచి 27 మంది. ఓనరు ముఖం వెలిగిందిగానీ, ఇంత చిన్న సంఖ్యల్లో నాలుగు తేడా అంటే ఏమీ లేనట్టే. వచ్చే నెల మళ్లీ నడిపితే తారుమారు కావచ్చు. అసలు సంగతి మూడు నెలల తర్వాత బిల్లుల్లో కనిపించింది. ఆ 31 మందిలో 11 మంది మళ్లీ వచ్చారు, ఈ 27 మందిలో నలుగురే వచ్చారు. ఇదీ గట్టి రుజువు కాదు, ఇంకో రెండుసార్లు ఇలాగే వస్తే నమ్మవచ్చు. కానీ తేడా కనిపించాల్సింది ఇక్కడే. మళ్లీ మళ్లీ వచ్చేవాళ్లను సోర్స్‌గా ఇచ్చినప్పుడు ఫలితాన్ని మొదటి బిల్లుతో కొలిస్తే, మనం ఏం వెతికామో దాన్ని కొలవనట్టే.

జాబితా ఎంత బాగున్నా ఈ పద్ధతి చేతులెత్తేసే సందర్భాలు రెండున్నాయి. మొదటిది ఊరు చిన్నదవడం. పోలికల వరస దేశం మొత్తానికి కడతారు. అందులోంచి మన ఊరివాళ్లను తీసుకుంటే మిగిలేది కొద్దిమందే. మన బొటిక్ విషయంలో 20,000 మంది అనుకుందాం. వెయ్యిసార్లు చూపడానికి వంద రూపాయలైతే, రోజుకు ఐదు వందలతో ప్రకటన ఐదు వేలసార్లు కనిపిస్తుంది. నాలుగు రోజుల్లో సగటున అందరికీ ఒకసారి, నాలుగు వారాల్లో ఏడుసార్లు. కొనేవాళ్లు మొదటి రెండు వారాల్లోనే కొనేస్తారు. తర్వాత మిగతావాళ్లకు అదే చీర మళ్లీ మళ్లీ చూపించడమే. యాడ్స్ మేనేజర్‌లో ఫ్రీక్వెన్సీ అనే అంకె పెరుగుతూ, ఒక్కో అమ్మకానికి అయ్యే ఖర్చు కూడా దాంతోపాటే పెరుగుతుంటే ఇదే జరుగుతున్నట్టు. అప్పుడు మూడు శాతానికో ఐదు శాతానికో విస్తరించవచ్చు. కానీ ఊరికి పరిమితమైన షాపు ఐదు శాతం దాకా వెళ్లాక, అందరికీ చూపించడానికీ దీనికీ పెద్ద తేడా మిగలదు.

రెండోది, మనం యంత్రాన్ని ఏం అడిగామన్నది. లుక్‌అలైక్ చేసేది గుంపును ఎంచడం వరకే. ఆ గుంపులో ఎవరికి ముందు చూపించాలో నిర్ణయించేది మనం పెట్టిన లక్ష్యం. చిన్న బొటిక్‌లు సాధారణంగా "మెసేజీలు" లక్ష్యంగా పెడతాయి. వాళ్ల అమ్మకం వాట్సాప్‌లోనే జరుగుతుంది కాబట్టి అది సహజమే. కొనుగోళ్లను లక్ష్యంగా పెడదామంటే, మెటా లెక్క కుదురుకోవడానికి వారంలో సుమారు 50 కొనుగోళ్లు కనిపించాలి, రోజుకు ఐదు వందలతో అది జరిగే పని కాదు. దాంతో యంత్రం ఆ మంచి గుంపులో కూడా ఎక్కువగా మెసేజ్ పెట్టే అలవాటున్నవాళ్లనే ఏరుతుంది. "ప్రైస్ ప్లీజ్" అని పెట్టి మాయమయ్యేవాళ్లు అలా వస్తారు. ఇక్కడ ఒక చిన్న పని కలిసొస్తుంది. ధరను ఫొటో మీదే రాసేయాలి. మెసేజీలు తగ్గుతాయి. వచ్చినవి ధర చూసి వచ్చినవి.

అమెరికాలోని తెలుగువాళ్లకు చీరలు పంపే బొటిక్‌లకు ఒక మాట. మెటా ఇక్కడి కస్టమర్ల జాబితాతోనే అమెరికా లుక్‌అలైక్ కట్టనిస్తుంది. కానీ విజయవాడ ఆవిడకు డాలస్‌లో పోలిక ఎవరు? అక్కడ తెలుగువాళ్లు కొద్దిమంది. అక్కడికి చీరలు తెప్పించుకున్నవాళ్లే వంద మంది దాటేదాకా ఆగి, వాళ్లనే సోర్స్‌గా పెట్టడం మేలు.

ఈ పనిముట్టు కూడా మునుపటిలా లేదు. ఐఫోన్లలో యాప్‌లు మన కదలికలను వెంబడించాలంటే అనుమతి అడగాలని 2021లో ఆపిల్ నిబంధన తెచ్చింది. గూగుల్ తన సిమిలర్ ఆడియన్స్‌ను 2023లో ఆపేసింది. మెటాలో ఇప్పుడు అడ్వాంటేజ్ ప్లస్ ఆడియన్స్ ఎంచుకుంటే మన లుక్‌అలైక్‌ను ఒక సూచనగా మాత్రమే తీసుకుని, అవసరమనుకుంటే బయటివాళ్లకూ చూపిస్తుంది. పరీక్ష చేసే రోజుల్లో దీన్ని చూసుకోకపోతే రెండు వైపులా దాదాపు ఒకే జనానికి ప్రకటన వెళ్లి, ఫలితం ఏమీ చెప్పకుండా పోతుంది.

నంబర్ల విషయంలో ఇంకొకటి. బిల్లు కోసం ఇచ్చిన నంబరును ప్రకటనల కోసం వాడడం వేరే పని. వ్యక్తిగత సమాచారం మీద 2023లో వచ్చిన చట్టం, సమాచారాన్ని ఎందుకు తీసుకుంటున్నారో చెప్పి, అందుకు సమ్మతి తీసుకోవాలంటుంది. కోడుగా మారుతుంది కదా అని తప్పించుకోవడం సరికాదు. మన దగ్గర చీర కొన్నావిడ తన నంబరు ఎక్కడికి వెళ్తుందో తెలుసుకోవాలి. బిల్లు మీద తెలుగులో రెండు వాక్యాలు రాసి, ఒక గడి పెట్టి, ఇష్టమైతే టిక్ పెట్టమనండి. జాబితా కొంత చిన్నదవుతుంది, అవ్వనివ్వండి.

మన ఓనరు ఇప్పుడు బిల్లు బుక్కులో ఇంకో గడి కూడా పెట్టారు. కౌంటర్ దగ్గరి అమ్మాయి నంబరు రాస్తూ "ఏం విశేషమండీ?" అని అడుగుతుంది. పెళ్లి అంటే ప, వ్రతమో పండగో అయితే వ, అమ్మకానికైతే అ, ఊరికే తీసుకుంటే ఊ. నంబరు భర్తదైతే పక్కన ఒక చుక్క. వచ్చే ఏడాది జాబితాలో ఊ ఉండి చుక్క లేనివాళ్లు ఎంతమందో లెక్కపెట్టి, వాళ్లతో మొదలుపెడతారట.